రూ.60,000 బిల్లుకు రూ.35,800 మాత్రమే వచ్చింది: ఈ సెటిల్‌మెంట్ షీటును ఎలా చదవాలి?

పటమట_మాస్టారు | 6 డిసెంబరు, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను విజయవాడ పటమటలో ఉంటాను. నవంబరు 9వ తేదీ సాయంత్రం రామవరప్పాడు రింగు దగ్గర నా ముందు వెళ్తున్న ఇసుక ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగిపోవడంతో నా కారు ముందు ఎడమవైపు భాగం దాని ట్రాలీ అంచుకు బలంగా తగిలింది. బానెట్ ముడుచుకుపోయి పైకి లేవడంతో ముందు అద్దం కూడా పగిలింది. కారు 1,197 సీసీ పెట్రోలు బండి. 2021 ఆగస్టు 18న రిజిస్ట్రేషన్ అయింది. నాకు ఉన్నది మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ, తరుగుదల కోత పడకుండా చేసే జీరో డెప్ లేదు.

ఆటోనగర్‌లోని ఒక గ్యారేజీలో క్యాష్‌లెస్ పద్ధతిలో పని చేయించాను. మొత్తం బిల్లు 60,000 అయితే బీమా కంపెనీ 35,800 మాత్రమే ఇచ్చి, మిగిలిన 24,200 నన్ను కట్టమంది. కట్టి బండి తెచ్చుకున్నాను. తరుగుదల కొంత కోస్తారని తెలుసు గానీ, నలభై శాతం నా చేతి నుంచే పోవడం న్యాయమేనా అన్నది నా సందేహం. బిల్లులో ఉన్నవాటిని, కంపెనీ ఒప్పుకున్న మొత్తాలను పన్నుతో కలిపి కింద రాస్తున్నాను.

ముందు బంపర్ 4,800కి 2,400
గ్రిల్ 2,200కి 1,100
ఎడమ హెడ్‌లైట్ 6,400కి 3,200
బానెట్ 9,000కి 5,850
ఎడమ ఫెండర్ 3,600కి 2,340
రేడియేటర్ 5,400కి 3,510
ముందు అద్దం 7,500కి 7,500
టింకరింగ్, బిగింపు కూలి 8,000కి 8,000
పెయింటింగ్ 12,000కి 6,000
కూలెంట్, క్లిప్పులు, చిల్లర సామాన్లు 1,100కి సున్నా
పాత భాగాల విలువ కింద సాల్వేజ్ తగ్గింపు 600
నా వంతుగా కోసిన డిడక్టబుల్ 3,500

ఇందులో ఏది సరైనదో, ఏది కాదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

---

లెక్కంటే_లెక్కే | 6 డిసెంబరు, ఉదయం 8:15

మాస్టారూ, మీ డిడక్టబుల్ దగ్గరే మోసం కనిపిస్తోంది. 1,500 సీసీ దాటని కారుకు కంపల్సరీ డిడక్టబుల్ 1,000 రూపాయలు, దాటితే 2,000. అది దేశమంతటా ఒకటే. మీ దగ్గర 3,500 ఎలా తీసుకుంటారు? ఆ 2,500 వెనక్కి ఇమ్మని గట్టిగా అడగండి.

ఇనుప భాగాల విషయంలో మాత్రం మీరు లాభపడ్డారనే చెప్పాలి. నాలుగేళ్లు దాటిన కారుకు 50 శాతం తరుగుదల పడాలి. మీకు 35 శాతమే కోశారు కాబట్టి ఆ సంగతి కదపకుండా ఉండటమే మంచిది.

---

సర్వే_పాతకాపు | 6 డిసెంబరు, ఉదయం 10:50

నేను గుంటూరు, విజయవాడ, తెనాలి ప్రాంతాల్లో ఇరవై ఏళ్లకు పైగా వాహన నష్టాల సర్వే చేసి, ఇప్పుడు విరమించుకున్నవాడిని. మాస్టారు గారు షీటును వరుసగా రాయడం వల్ల పని సులువైంది. చాలామంది "తక్కువ ఇచ్చారు" అని మాత్రమే రాసి, షీటు అడిగితే కనిపించకుండా పోతారు.

ముందుగా పైన చెప్పిన 50 శాతం మాటను సరిచేయాలి. పాలసీలో రెండు వేర్వేరు పట్టికలు ఉంటాయి. ఒకటి బండి మొత్తం విలువను, అంటే ఐడీవీని లెక్కకట్టడానికి వాడేది. అందులో నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉన్న బండికి 50 శాతం కోత ఉంటుంది. అది బండి దొంగతనానికి పోయినప్పుడో, బాగుచేయడానికి వీల్లేనంతగా దెబ్బతిన్నప్పుడో పనికివస్తుంది. రెండవది విడిభాగాల తరుగుదల పట్టిక. మరమ్మతు క్లెయిములో చూడాల్సింది ఈ రెండవదాన్నే. ఇందులో ఇనుము మొదలైన లోహ భాగాలకు ఆరు నెలల వరకు కోత లేదు; అక్కడి నుంచి ఏడాది వరకు 5 శాతం, రెండేళ్ల వరకు 10, మూడేళ్ల వరకు 15, నాలుగేళ్ల వరకు 25, ఐదేళ్ల వరకు 35, పదేళ్ల వరకు 40, ఆపైన 50 శాతం. మాస్టారి కారుకు ప్రమాదం నాటికి నాలుగేళ్ల రెండు నెలలు దాటి ఇంకొన్ని రోజులు. అందుకే 35 శాతం. బానెట్, ఫెండర్, రేడియేటర్ మూడూ కలిసి 18,000. అందులో 35 శాతం 6,300 పోగా 11,700 రావాలి, షీటులోనూ అంతే వచ్చింది. ఇక్కడ కంపెనీ చేసిన మేలూ లేదు, అన్యాయమూ లేదు.

ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకూ, టైర్లకూ, బ్యాటరీకీ ఈ వయసు మెట్లు వర్తించవు. షోరూం నుంచి నిన్న బయటికి వచ్చిన కారైనా బంపర్‌కు సగమే ఇస్తారు. కొత్త బండి యజమానులు ఎక్కువగా గొడవపడేది ఈ ఒక్క విషయం దగ్గరే. బంపర్‌కూ, గ్రిల్‌కూ సగం కోయడం సరైనదే. అద్దానికి తరుగుదల లేదు కనుక 7,500 పూర్తిగా వచ్చింది. కూలికి కూడా తరుగుదల ఉండదు.

ఇప్పుడు మాస్టారికి రెండు ప్రశ్నలు. మొదటిది, మీ పాలసీ మొదటి పేజీలో "వాలంటరీ డిడక్టబుల్" అన్న గడిలో ఏముందో చూడండి. రెండవది, గ్యారేజీ ఇచ్చిన బిల్లులో పెయింటింగ్‌కు 12,000 అని ఒకే మొత్తం వేశారా, లేక పెయింటు సామగ్రికి ఇంత, కూలికి ఇంత అని విడదీశారా?

---

సింగ్‌నగర్_వాసి | 6 డిసెంబరు, మధ్యాహ్నం 12:20

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్‌నగర్‌లో నా కారు మూడు రోజులు నీళ్లలో ఉంది. లోపలి సీట్లకూ, వైరింగుకూ డబ్బు ఇచ్చారు గానీ ఇంజనుకు ఇవ్వలేదు. నీళ్లు తీయక ముందే స్టార్టు చేశారని నెపం పెట్టారు. తరుగుదల పేరుతో వీళ్లు చేసేది ఇదే. మాస్టారు కూడా ఇంజను గురించి అడగాలి.

---

నిర్వాహకులు | 6 డిసెంబరు, మధ్యాహ్నం 12:45

సింగ్‌నగర్ గారూ, మీ ఇబ్బంది అర్థమైంది గానీ, అది తరుగుదల సమస్య కాదు. మాస్టారి ఇంజనుకు దెబ్బ కూడా తగల్లేదు. నీళ్లలో మునిగిన ఇంజను గురించి వేరే చర్చ మొదలుపెడితే అక్కడ సమాధానాలు వస్తాయి.

---

పటమట_మాస్టారు | 6 డిసెంబరు, రాత్రి 9:05

పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే పాలసీ తీసి చూశాను. వాలంటరీ డిడక్టబుల్ గడిలో 2,500 అని ఉంది. గత ఏడాది మా అబ్బాయి ఫోనులో రెన్యూవల్ చేశాడు. ప్రీమియం తగ్గుతుందని ఏదో గడిలో టిక్కు పెట్టానని ఇప్పుడు అడిగితే చెబుతున్నాడు. కాబట్టి 1,000కి ఆ 2,500 కలిసి 3,500 అయింది. అది నా ఇంటి పొరపాటే.

పెయింటింగ్ బిల్లు ముందు పెట్టుకుని రాస్తున్నాను. "పెయింటింగ్ ఛార్జెస్, బానెట్, ఫెండర్, బంపర్" అని ఒకే వరుస, పన్నుతో 12,000. విడదీయలేదు.

మరొక సందేహం. బీమా కంపెనీ షీటులో బానెట్ ధర 7,627 అని ఉంది, గ్యారేజీ బిల్లులో 9,000 ఉంది. ఇది కూడా కోతేనా?

---

ఆటోనగర్_మూడో_రోడ్డు | 6 డిసెంబరు, రాత్రి 10:30

మాస్టారూ, నేను గ్యారేజీ నడుపుతున్నవాడిని, ఆ సంగతి నేను చెబుతాను. 7,627కు 18 శాతం జీఎస్టీ కలిపితే 9,000 అవుతుంది. వాళ్ల షీటులో భాగాల ధరలు పన్ను లేకుండా ఉంటాయి, తరుగుదల కోసిన తర్వాత పన్ను కలుపుతారు. 7,627లో 35 శాతం తీసేసి పన్ను కలిపినా, 9,000లో 35 శాతం తీసేసినా చివరకు వచ్చేది అదే 5,850. మా దగ్గర రోజుకొకరు ఈ అంకె పట్టుకుని వచ్చి, గ్యారేజీ ధర పెంచిందనో, కంపెనీ తగ్గించిందనో అంటారు. చివరి వరుసలో పన్ను కలిపారా లేదా అన్నది ఒక్కటే చూసుకుంటే చాలు.

కూలెంట్, క్లిప్పులు, నట్లు, బోల్టుల వంటివి మామూలు పాలసీలో రావు. వాటికి విడిగా కన్స్యూమబుల్స్ యాడ్ ఆన్ తీసుకోవాలి. ఈ ముక్క పని మొదలుపెట్టే ముందే చెప్పాల్సిన బాధ్యత గ్యారేజీదే. కొందరు చెప్పరు, నేనూ ఒత్తిడిలో ఒక్కోసారి మరిచిపోతాను.

---

అరండల్‌పేట_సుధ | 7 డిసెంబరు, ఉదయం 6:55

నాదీ ఇలాంటి అనుభవమే కాబట్టి అడుగుతున్నాను. మాది గుంటూరు. జూన్‌లో ఎవరో పార్కింగులో వెనుక బంపర్ గీరేసి వెళ్లారు. చిన్నదే కదా అని వదిలేశాను. సెప్టెంబరులో లక్ష్మీపురంలో ముందు భాగం డివైడర్‌కు తగిలింది. రెండూ కలిపి ఒకే క్లెయిములో రాయించాను. సర్వేయరు వచ్చి, ఇవి రెండు ప్రమాదాలు అంటూ రెండుసార్లు డిడక్టబుల్ వేయాలన్నారు. ఏడాదికి ఒక్కసారే వేస్తారని ఏజెంటు అన్నాడు. ఎవరి మాట నిజం?

---

సర్వే_పాతకాపు | 7 డిసెంబరు, ఉదయం 9:30

సుధ గారూ, ఏజెంటు మాట సరికాదు. డిడక్టబుల్ పాలసీకి ఒకసారి కాదు, ప్రమాదానికి ఒకసారి. వెనుక గీత పాతదని మేము ఎలా తెలుసుకుంటామని చాలామంది ఆశ్చర్యపోతారు. గీతలో దుమ్ము పేరుకుని ఉంటుంది, పెయింటు లేచిన చోట ఇనుము ఉంటే తుప్పు పట్టి ఉంటుంది, ముందు భాగంలో దెబ్బ తగిలిన దిశకూ వెనుక గీతకూ సంబంధం కుదరదు. మీరు ఫారంలో ఒకే తేదీ రాసి రెండు చోట్ల దెబ్బలు చూపించి ఉంటే, సర్వేయరు రెండవదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదంటే మీపట్ల మెత్తగా ఉన్నట్టే. ఇకమీదట దేనికి దానికి విడిగా రాయించండి, లేదా చిన్నదైతే సొంత ఖర్చుతో చేయించుకోండి.

మాస్టారి విషయానికి వస్తాను. 3,500 లెక్క తేలిపోయింది. లెక్కంటే లెక్కే గారు కంపల్సరీ అంకె సరిగ్గానే చెప్పారు. దాని పక్కన ఐచ్ఛికంగా ఒప్పుకున్నది కూడా కలుస్తుందన్న సంగతి మాత్రం వదిలేశారు. పాత టారిఫ్‌లో ఈ 2,500 ఒప్పుకుంటే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గింపు ఉండేది, అది కూడా 750 రూపాయలు మించకూడదు. ఇప్పుడు కంపెనీని బట్టి ఆ తగ్గింపు మారవచ్చు. 750 ఆదా చేసుకుని 2,500 పోగొట్టుకున్న లెక్క ఇంచుమించు అందరి విషయంలోనూ ఇలాగే ఉంటుంది.

అసలు తప్పు పెయింటింగ్ వరుసలో ఉంది. 12,000కి 6,000 ఇచ్చారంటే మొత్తానికి 50 శాతం తరుగుదల వేశారన్నమాట. నిబంధన అలా లేదు. పెయింటింగ్‌లో సామగ్రికి మాత్రమే 50 శాతం కోయాలి, కూలికి కోయకూడదు. బిల్లులో రెండూ విడదీయకుండా ఒకే మొత్తం ఉంటే, ఆ మొత్తంలో 25 శాతాన్ని సామగ్రిగా లెక్కించి, దానికే 50 శాతం కోయాలి. 12,000లో 25 శాతం 3,000. అందులో సగం 1,500. అంటే మీకు పెయింటింగ్ కింద 10,500 రావాలి. 4,500 తక్కువ వచ్చింది.

దీన్ని కావాలని చేసే మోసమని నేను అనను. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వరుసకు తరుగుదల వర్గాన్ని ఎంచుకోవాల్సి ఉంటుంది. తొందరలో పెయింటింగ్‌ను భాగాల జాబితాలో చేర్చేసి "50" అని ఎంచుకుంటే ఇలాగే వస్తుంది. నా చేతి మీదుగా కూడా ఒకటి రెండుసార్లు వెళ్లింది. యజమాని అడిగితేనే బయటపడింది.

మీరు చేయాల్సిందల్లా కంపెనీ క్లెయిమ్ విభాగానికి ఒక ఈమెయిలు రాయడం. క్లెయిమ్ నంబరు వేసి, "పెయింటింగ్ బిల్లు ఏకమొత్తంగా ఉంది కనుక సామగ్రి భాగం 25 శాతంగా తీసుకుని దానిపై మాత్రమే 50 శాతం తరుగుదల వేయాలి, ఆ లెక్కన 4,500 అదనంగా చెల్లించాలి" అని రాయండి. సర్వే నివేదిక ప్రతిని కూడా కోరండి. కోపం, మోసం, వినియోగదారుల కోర్టు వంటి మాటలేవీ మొదటి ఉత్తరంలో వద్దు. ఏ వరుసలో ఏ అంకె మారాలో ఒక్క వాక్యంలో కనిపిస్తే, అవతల కూర్చున్నవాడు దాన్ని ఫైలులో పెట్టడం తేలిక.

---

లెక్కంటే_లెక్కే | 7 డిసెంబరు, ఉదయం 10:10

రెండు పట్టికల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఇంత తలనొప్పి దేనికి? జీరో డెప్ తీసుకుంటే ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు కదా.

---

ఆటోనగర్_మూడో_రోడ్డు | 7 డిసెంబరు, ఉదయం 11:25

ఆ మాట నమ్మి వచ్చినవాళ్లే మా కౌంటరు దగ్గర ఎక్కువ గొంతు చించుకుంటారు. మాస్టారి బిల్లే తీసుకోండి. జీరో డెప్ ఉండి ఉంటే భాగాలకూ, పెయింటుకూ కోత పడేది కాదు, నిజమే. కానీ కన్స్యూమబుల్స్ 1,100, సాల్వేజ్ 600, డిడక్టబుల్ 3,500 కలిపి 5,200 ఆయన కట్టాల్సి వచ్చేదే. జీరో డెప్ తీసేసేది తరుగుదలను మాత్రమే. డిడక్టబుల్ దానికి సంబంధం లేని వరుస. పైగా చాలా పాలసీల్లో ఏడాదికి ఇన్ని క్లెయిములకే అని పరిమితి ఉంటుంది, అది పాలసీ పత్రంలో చూసుకోవాలి.

పాతకాపు గారికి నా వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది. హెడ్‌లైట్‌కు 50 శాతం కోయడాన్ని మీరు తప్పుపట్టలేదు. హెడ్‌లైట్‌లో ముందున్నది అద్దమే కదా? అద్దానికి తరుగుదల లేదు. లోపల రిఫ్లెక్టరు, బల్బు, వైరింగు, కాంతిని పైకీ కిందికీ కదిపే మోటారు ఉంటాయి. ఇవన్నీ ప్లాస్టిక్ ఎలా అవుతాయి? నాకు తెలిసిన ఇద్దరు సర్వేయర్లు ఒకే మోడల్ హెడ్‌లైట్‌కు వేర్వేరుగా వేశారు.

---

సర్వే_పాతకాపు | 7 డిసెంబరు, సాయంత్రం 5:40

మంచి ప్రశ్న అడిగారు. పాతకాలపు కార్లలో హెడ్‌లైట్ ముందుభాగం నిజంగానే గాజు. రాయి తగిలితే పెంకులు పెంకులుగా రాలేది. ఇప్పటివి పాలీకార్బొనేట్, అంటే ప్లాస్టిక్. కొన్నేళ్లు ఎండలో ఉంటే పసుపు రంగుకు తిరుగుతుంది చూడండి, గాజు అలా తిరగదు. పాలసీ పదాలు భాగం దేనితో తయారైందన్నదాన్నే చూస్తాయి. చూడటానికి అద్దంలా ఉన్నంత మాత్రాన అద్దం అనరు. వెనుక ఉన్న పెట్టె కూడా ప్లాస్టిక్కే. కాబట్టి మొత్తం అసెంబ్లీని ప్లాస్టిక్‌గా తీసుకుని 50 శాతం వేయడమే నేను చేస్తూ వచ్చిన పద్ధతి.

బల్బూ, మోటారూ విడిగా బిల్లు వేసి ఉంటే వాటిని వేరుగా చూడాలని వాదించవచ్చు. ఒకే అసెంబ్లీగా ఒకే ధరకు వచ్చినప్పుడు విడదీయడానికి ఆధారం ఉండదు. ఎల్‌ఈడీ దీపాల ధరలు ఇంత పెరిగాక ఈ పద్ధతి న్యాయంగా ఉందా అంటే, నాకు కూడా అనుమానమే.

---

ఆటోనగర్_మూడో_రోడ్డు | 7 డిసెంబరు, సాయంత్రం 6:15

అసెంబ్లీగా తప్ప విడిగా దొరకకుండా చేసింది తయారీదారు. ఆ భారం బండి యజమాని మోయాలనడం నాకు రుచించదు. మాస్టారూ, ఉత్తరంలో హెడ్‌లైట్ మాట కూడా ఒక వాక్యం రాయండి. ఇస్తే ఇస్తారు.

---

సర్వే_పాతకాపు | 7 డిసెంబరు, సాయంత్రం 6:50

రాయడం రాయకపోవడం మాస్టారి ఇష్టం. బలమైన అభ్యర్థన పక్కన బలహీనమైనదాన్ని పెడితే, అవతలివాళ్లు బలహీనమైనదానికి మాత్రమే సమాధానం రాసి ఫైలు మూసేయడం నేను చాలాసార్లు చూశాను. రాయాలనుకుంటే పెయింటింగ్ సంగతి మొదట రాసి, హెడ్‌లైట్‌ను వేరే పేరాలో పెట్టండి.

---

అరండల్‌పేట_సుధ | 8 డిసెంబరు, ఉదయం 7:20

పాతకాపు గారూ, ధన్యవాదాలు. ఇంకొక చిన్న ప్రశ్న. డిడక్టబుల్‌ను ముందు బిల్లులోంచి తీసేసి, మిగిలినదానికి తరుగుదల వేయాలని మా బంధువు ఒకరు అంటున్నారు. అలా చేస్తే మనకు లాభమట.

---

సర్వే_పాతకాపు | 8 డిసెంబరు, ఉదయం 9:00

అలా చేయరమ్మా. ముందు ఒక్కో భాగానికి తరుగుదల వేసి, ఆమోదించిన మొత్తాలను కూడి, సాల్వేజ్ తీసేసి, ఆఖరున డిడక్టబుల్ తీసేస్తారు. షీటు ఏ కంపెనీది అయినా ఈ వరుస మారదు. మాస్టారి షీటును ఇదే వరుసలో సరిచేస్తే భాగాలు, అద్దం, కూలి, పెయింటు కలిపి 44,400 అవుతుంది. 600 పోతే 43,800. 3,500 పోతే 40,300. ఆయనకు వచ్చింది 35,800. తేడా సరిగ్గా 4,500. ఇలా తేడా మొత్తం ఒకే వరుసలో ఇమిడిపోతే తప్పు ఎక్కడుందో ఇక వెతకనక్కరలేదు.

---

పటమట_మాస్టారు | 24 డిసెంబరు, సాయంత్రం 6:30

పెద్దలందరికీ నమస్కారం. పాతకాపు గారు చెప్పినట్టే ఈమెయిలు రాశాను. హెడ్‌లైట్ సంగతి రెండవ పేరాలో పెట్టాను. తొమ్మిది రోజుల తర్వాత సమాధానం వచ్చింది. పెయింటింగ్ విషయంలో "పునఃపరిశీలించాము" అన్న ఒక్క మాట తప్ప పొరపాటు జరిగిందని ఎక్కడా రాయలేదు గానీ, నిన్న 4,500 నా ఖాతాలో పడింది. హెడ్‌లైట్ ప్లాస్టిక్ భాగం కిందికి వస్తుంది కనుక మార్పు లేదని రాశారు. సర్వే నివేదిక ప్రతి కూడా పంపారు. అందులో పెయింటింగ్ వరుస నిజంగానే బంపర్, గ్రిల్ తర్వాత, ప్లాస్టిక్ భాగాల కిందే ఉంది.

హెడ్‌లైట్‌పై ఇంకా ముందుకు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

---

సర్వే_పాతకాపు | 24 డిసెంబరు, రాత్రి 8:10

సంతోషం. హెడ్‌లైట్‌పై వెళ్లాలనుకుంటే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌కు హైదరాబాదు కార్యాలయమే చూస్తుంది. ఫీజు లేదు, న్యాయవాది అక్కరలేదు, కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. గెలుస్తారని మాత్రం నేను మాట ఇవ్వలేను.

---

ఆటోనగర్_మూడో_రోడ్డు | 24 డిసెంబరు, రాత్రి 9:20

నేనైతే వెళ్లమనే అంటాను. ఎవరో ఒకరు వెళ్లకపోతే ఈ హెడ్‌లైట్ గొడవ మా కౌంటరు దగ్గరే ఎప్పటికీ నలుగుతూ ఉంటుంది.

మాస్టారూ, మరొకటి. సాల్వేజ్ కింద మీ దగ్గర 600 తగ్గించారు కదా, అంటే పాత బానెట్, ఫెండర్, రేడియేటర్ మీవే. గ్యారేజీవాళ్లు మీకు తిరిగి ఇచ్చారా?

---

పటమట_మాస్టారు | 25 డిసెంబరు, ఉదయం 7:05

ఇవ్వలేదు, నాకూ తట్టలేదు. ఈ ఉదయం ఫోను చేస్తే, పాత బానెట్ ఇంకా షెడ్డు వెనుక గోడకు ఆనించే ఉందట. రేడియేటర్‌ను మాత్రం పాత ఇనుము కొనే అతను పట్టుకుపోయాడట. దానికి ఎంత ఇచ్చాడని అడిగితే, చూసి చెబుతానన్నాడు. శనివారం వెళ్లి బానెట్ తెచ్చుకుంటాను, రేడియేటర్ డబ్బు కూడా అక్కడే అడుగుతాను.